ప్రిన్సిపాల్ ఫీజు తగ్గిస్తామన్నారు, మీటింగ్ రికార్డింగ్ ఉంది. లెటర్ ఎలా రాయాలి?

బైరాగిపట్టెడ నాన్న

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. వేసవిలో చెయ్యి విరిగి ప్లేటు వేశారు, ఇంకా పూర్తిగా బండెక్కలేదు. మా పాప ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. ట్యూషన్ ఫీజు ఏడాదికి 48,000. మూడు టర్ములు, టర్ముకు 16,000. బస్సు ఫీజు వేరుగా 15,000. మొదటి టర్ము జూలైలో అప్పు తెచ్చి కట్టాను. లేటైందని 500 ఫైన్ వేశారు, అది ఇంకా అట్లే ఉంది.

మొన్న శుక్రవారం, 12వ తేదీ, ప్రిన్సిపాల్ మేడమ్‌ని కలిసి పరిస్థితి చెప్పుకున్నాను. మా ఆవిడకు డ్యూటీ ఉండి రాలేకపోయింది. తనకు వినిపించాలి, రికార్డ్ చేసుకోవచ్చా మేడమ్ అని అడిగితే "దానిదేముంది, చేసుకోండి" అన్నారు. ఫోను టేబుల్ మీదే పెట్టాను. బాగా మాట్లాడారు, ఫీజు తగ్గిస్తామన్నారు. ఈరోజు కౌంటర్‌లో అడిగితే అకౌంటెంట్ "కంప్యూటర్‌లో ఏమీ లేదు సార్, రెండో టర్ము 16,000, పాత ఫైన్ 500 కట్టాలి" అంటున్నాడు. మేడమ్ మీటింగ్‌లో ఉన్నారట.

లెటర్ ఒకటి రాశాను, చూసి చెప్పండి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మీరు 12వ తేదీ మా పాపకు పదో తరగతి వరకు 25 శాతం ఫీజు తగ్గిస్తామని, ఫైన్ తీసేస్తామని మాట ఇచ్చారు. ఇప్పుడు మీ ఆఫీసు వాళ్ళు మాట మారుస్తున్నారు. మీరు మాట్లాడినదంతా నా దగ్గర రికార్డింగ్ ఉంది. న్యాయం చేయకపోతే పై అధికారులకు వెళ్ళవలసి వస్తుంది."

రిటైర్డ్ హెచ్‌ఎం, చంద్రగిరి

నాయనా, లెటర్ బాగానే ఉంది, గట్టిగానే ఉంది. కాపీ డీఈఓ గారికి పెట్టు, స్కూలుకు రిజిస్టర్డ్ పోస్టు విత్ అక్నాలెడ్జ్‌మెంట్‌లో పంపు. దెబ్బకు దిగి వస్తారు. నా సర్వీసులో చూశాను, కాగితం పైకి పోతుందంటే ప్రైవేటు వాళ్ళు వెంటనే కదులుతారు.

రేణిగుంట రోడ్డు

25 శాతం అంటే విద్యాహక్కు చట్టం కోటా కదా అన్నా? ప్రైవేటు స్కూళ్ళు 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి కదా. అది మీ హక్కు. లెటర్‌లో ఆ చట్టం రాయండి, అడుక్కోవాల్సిన పనేముంది?

స్కూల్ అకౌంట్స్‌లో పనిచేశాను

రేణిగుంట రోడ్డు గారూ, ఆ 25 శాతం వేరు, ఈ 25 శాతం వేరు. మీరంటున్నది 2009 చట్టంలో సీట్ల సంఖ్య గురించి. అది ఒకటో తరగతిలో చేరేటప్పుడు దరఖాస్తు చేసుకుని తీసుకునే సీటు. ఇది స్కూలు తన ఇష్టంతో ఒక బిడ్డకు తగ్గిస్తానన్న ఫీజు. లెటర్‌లో రెండూ కలిపితే "మీ పాప ఆ కోటాలో చేరలేదు కదా" అని ఒక్క ముక్కతో మూసేస్తారు.

అన్నా, నేను మదనపల్లె, చిత్తూరుల్లో స్కూళ్ళ ఫీజు సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను. ఆ లెటర్ ఇప్పుడే ఇవ్వొద్దు. ముందు రికార్డింగ్ పెట్టుకుని, మేడమ్ అన్న మాటలు అన్నట్టే, ఏ నిమిషంలో అన్నారో రాసి ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా నాలుగు చూడండి. దేనిలో పాతిక శాతం, ట్యూషన్‌లోనా మొత్తంలోనా? ఏడాది మొత్తానికా, ఇకమీదట టర్ములకా? ఫైన్ గురించి అన్న మాట ఏమిటి? మీ మీద ఏమైనా షరతు పెట్టారా?

కౌంటర్‌లో అబ్బాయి మాట మార్చాడనుకోకండి. ప్రిన్సిపాల్ గదిలో అన్న మాట అతని దాకా పోదు. మేము పనిచేసిన చోటల్లా కన్సెషన్ ఎంట్రీ వేయాలంటే కరస్పాండెంట్ సంతకం ఉన్న కాగితమో, కనీసం మేడమ్ రాసిన చీటీయో ఉండాలి. అది లేకుండా వేస్తే అతని జీతంలో కోస్తారు.

బైరాగిపట్టెడ నాన్న

విన్నాను. మా ఆవిడ కూడా పక్కన కూర్చుని రాసుకుంది. ఇవీ మాటలు:

6వ నిమిషం: "ఈ సంవత్సరం ట్యూషన్ ఫీజులో పాతిక శాతం తగ్గిస్తాం. కరస్పాండెంట్ సార్‌తో పొద్దునే మాట్లాడాను, ఆయన సరే అన్నారు."

11వ నిమిషం: "బస్సు ఫీజు మాత్రం అడగొద్దండి, అది కాంట్రాక్టు వాళ్ళది."

14వ నిమిషం: "ఫైన్ సంగతి చూద్దాంలెండి."

15వ నిమిషం: "మిగతాది మాత్రం టర్ము గడువు దాటకుండా కట్టేయండి."

17వ నిమిషం: "పదో తరగతి దాకా మా పాపే అనుకోండి, ఏం టెన్షన్ పడకండి."

స్కూల్ అకౌంట్స్‌లో పనిచేశాను

ఇప్పుడు విషయం తేటగా ఉంది. ఆమె ఇచ్చిన మాట ఒక్కటే, 6వ నిమిషంలోది. అది చాలా మంచి మాట. "ఈ సంవత్సరం" అన్నారు, "ట్యూషన్ ఫీజు" అన్నారు, "తగ్గిస్తాం" అన్నారు, ఎవరు ఒప్పుకున్నారో కూడా చెప్పారు. ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రిన్సిపాలూ చెప్పరు.

ఫైన్ మీద ఆమె అన్నది "చూద్దాం". అది మాట ఇవ్వడం కాదు. పదో తరగతి దాకా అన్నది పాప మీద ప్రేమతో అన్న మాట, అందులో ఫీజు అనే పదమే లేదు. మీ లెటర్‌లో ఈ మూడూ ఒకే వాక్యంలో మాట ఇచ్చినట్టు ఉన్నాయి. అది చదవగానే మేడమ్‌కు కనిపించేది తను అనని రెండు విషయాలే. "నేనెప్పుడన్నాను పదో తరగతి వరకని?" అని అక్కడ పట్టుకుంటారు, నిజంగా అన్న పాతిక శాతం వెనక్కి పోతుంది. అప్పుడు మీ రికార్డింగే వాళ్ళ వైపు సాక్ష్యం అవుతుంది.

ఇక లెక్క. ఏడాదికి 48,000లో 25 శాతం 12,000. మిగిలేది 36,000. మీరు 16,000 కట్టేశారు, అంటే ఇంకా 20,000 ఉండాలి. కానీ అకౌంటెంట్‌కు చీటీ వెళ్తే అతను చేసేది వేరు. మొదటి టర్ము రసీదు మూసేసిన లెక్క, దాన్ని ముట్టుకోవాలంటే రీఫండో సర్దుబాటో ఎంట్రీ వేయాలి, దానికి మళ్ళీ అనుమతి కావాలి. అందుకని మిగిలిన రెండు టర్ములకే 25 శాతం కొడతాడు. 32,000లో 8,000. మీకు 4,000 తేడా వస్తుంది, ఎవరూ మోసం చేయలేదు, సిస్టమ్ అట్లా ఉంటుంది. లెటర్‌లో "25 శాతం" అని మాత్రమే రాస్తే ఇదే జరుగుతుంది. రూపాయల్లో రాయాలి: ఎంత తగ్గింది, ఎంత కట్టాము, ఎంత మిగిలింది.

గ్రీమ్స్‌పేట అమ్మ

నాది చిత్తూరు. మాకు జరిగింది చెప్తాను. మా వాడు ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన పోయినారు. అప్పటి ప్రిన్సిపాల్ సార్ దేవుడి లాంటి మనిషి, సగం ఫీజు చాలమ్మా అన్నారు. ఆ ఏడాది ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది జూన్‌లో కొత్త ప్రిన్సిపాల్ వచ్చినారు, ఫైలులో ఏమీ లేదు, పాత ఏడాది సగం బకాయి అని చూపించి మొత్తం కట్టమన్నారు. పాత సార్‌కి ఫోన్ చేస్తే నేను చెప్పానమ్మా, కానీ ఇప్పుడు నేనేం చేయగలను అన్నారు. గాజులు పెట్టి కట్టాను. తమ్ముడూ, ఎంత మంచి మనిషి చెప్పినా కాగితం ఉండాలి.

లా చదివినోడు, ఎమ్మార్ పల్లి

ఒక చిన్న సంగతి. కన్సెషన్ అంటే దానం లాంటిది, బదులుగా తల్లిదండ్రులు ఏమీ ఇవ్వరు, కాబట్టి చట్టం ముందు నిలవదు.

న్యాయవాది, చిత్తూరు బార్

పై మాట సగం నిజం. ఊరికే ఇస్తానన్న కానుక విషయంలో అది సరిపోతుంది. కానీ రావలసిన బాకీలో కొంత వదులుకోవడం వేరు. 1872 కాంట్రాక్ట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం డబ్బు రావలసినవాడు దానిలో కొంతో మొత్తమో వదిలేయవచ్చు, దానికి బదులుగా ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఫీజు రావలసింది స్కూలుకు, తగ్గించుకున్నది స్కూలే.

అసలు అడగవలసిన ప్రశ్న, వదులుకునే అధికారం ప్రిన్సిపాల్‌కు ఉందా అని. అందుకే "కరస్పాండెంట్ సార్ సరే అన్నారు" అన్న ముక్క ముఖ్యం. అది లెటర్‌లో ఉండాలి, కాపీ కరస్పాండెంట్‌కు పోవాలి. ఆయన చూసి ఊరుకుంటే రేపు "నాకు తెలియదు" అనడం కష్టం.

రికార్డింగ్ గురించి: మీరు కూర్చున్న మీటింగ్, అడిగి చేసుకున్నారు, ఇబ్బంది లేదు. ఫోన్‌లో అసలు ఫైల్ చెరపకండి, కత్తిరించకండి. వాట్సాప్‌లో పంపిన కాపీకి పేరు, తేదీ మారిపోతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద ఇలాంటి ఫైలుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైల్ మారలేదని చూపే గుర్తు, హ్యాష్ విలువ కూడా రాయాలి. 12,000 కోసం అంత దూరం పోయే పని ఉండకూడదనే ఈ లెటర్.

రిటైర్డ్ హెచ్‌ఎం, చంద్రగిరి

మరి డీఈఓ గారికి కాపీ?

న్యాయవాది, చిత్తూరు బార్

సార్, ఇప్పుడు ఎందుకు? స్కూలు తన ఫీజులో ఎంత తగ్గిస్తుందో డీఈఓ ఆఫీసు తేల్చే విషయం కాదు. మొదటి కాగితంలోనే పైకి కాపీ పెడితే మేడమ్ ఇక మీతో మాట్లాడరు, వాళ్ళ లాయరుతో మాట్లాడతారు. రేపు ఫీజు కట్టలేదని పాపను క్లాసు బయట నిలబెట్టినా, టీసీ ఇవ్వకుండా ఆపినా అప్పుడు వెళ్ళాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో మానసిక వేధింపు నిషేధం, టీసీ వెంటనే ఇవ్వాలన్నది 5వ సెక్షన్‌లో. పాపకు 14 ఏళ్ళ లోపే కాబట్టి రెండూ వర్తిస్తాయి.

ఇంకొకటి, రిజిస్టర్డ్ పోస్టు అని వేరుగా లేదిప్పుడు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్‌లో స్పీడ్ పోస్ట్ అని చెప్పి, అందినట్టు రుజువు కూడా కావాలని అడగాలి. ఊళ్ళోనే కాబట్టి చేత్తో ఇవ్వడమే మేలు. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ, తీసుకున్నవాళ్ళ సంతకం వేయించుకోండి. ముద్ర వేయం అంటే గొడవ పడకుండా వచ్చేసి అదే లెటర్ పోస్టులోనూ, స్కూలు ఈమెయిల్‌కూ పంపండి.

స్కూల్ అకౌంట్స్‌లో పనిచేశాను

కూర్చుని రాశాను. పేరు, సెక్షన్, అడ్మిషన్ నంబరు మీరు నింపుకోండి. నంబరు తప్పకుండా ఉండాలి, ఫీజు సాఫ్ట్‌వేర్‌లో పిల్లల్ని వెతికేది దానితోనే.

"తేదీ: 16-9-2025

ప్రిన్సిపాల్ గారికి,

విషయం: 12-9-2025 నాటి సమావేశంలో తెలిపిన ట్యూషన్ ఫీజు రాయితీ గురించి. విద్యార్థిని: (పేరు), 7వ తరగతి, అడ్మిషన్ నంబరు (…)

మేడమ్, 12-9-2025 శుక్రవారం మీ గదిలో నాకు సమయం ఇచ్చి, మా కుటుంబ పరిస్థితి విన్నందుకు కృతజ్ఞతలు. ఆ రోజు మీ అనుమతితో చేసుకున్న రికార్డింగ్‌ను మళ్ళీ విని, నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

2025-26 సంవత్సరానికి ట్యూషన్ ఫీజు 48,000 రూపాయల్లో 25 శాతం, అంటే 12,000 రూపాయలు తగ్గిస్తామని, కరస్పాండెంట్ గారు ఇందుకు అంగీకరించారని మీరు తెలిపారు. దీని ప్రకారం కట్టవలసిన ట్యూషన్ ఫీజు 36,000. జూలైలో 16,000 చెల్లించాను (రసీదు కాపీ జతచేశాను). మిగిలినది 20,000. దీన్ని రెండో, మూడో టర్ములలో 10,000 చొప్పున గడువులోపల చెల్లిస్తాను. గడువు దాటకూడదని మీరు చెప్పిన షరతు నాకు సమ్మతమే. బస్సు ఫీజుకు రాయితీ వర్తించదని కూడా మీరు చెప్పారు.

మొదటి టర్ము ఆలస్య రుసుము 500 రూపాయల గురించి చూద్దామన్నారు. దయచేసి మీ నిర్ణయం తెలపగలరు. వచ్చే సంవత్సరాలలో రాయితీ కోసం ఏ నెలలో, ఎవరికి దరఖాస్తు ఇవ్వాలో కూడా తెలపగలరు.

15వ తేదీన ఫీజు కౌంటర్‌లో రాయితీ నమోదు కాలేదని చెప్పారు. సవరించిన ఫీజు కార్డు 20-9-2025 లోపల ఇప్పించగలరు. నేను రాసినదాంట్లో ఏదైనా మీరు చెప్పినదానికి తేడాగా ఉంటే, అదే తేదీ లోపల రాతపూర్వకంగా తెలపగలరు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్)

కాపీ: కరస్పాండెంట్ గారికి"

బస్సు ఫీజుకు రాయితీ లేదన్న మాట మీకు మీరే ఎందుకు రాయాలి అనిపించవచ్చు. అది రాస్తేనే మిగతాది నమ్ముతారు. మేడమ్ చదివేటప్పుడు ప్రతి వాక్యం దగ్గరా "అవును, ఇది నేనన్నదే" అనుకోవాలి. అలా చదివిన లెటర్ మీద "కన్సెషన్ ఎంట్రీ వేయండి" అని రాసి కింద పంపడానికి ఆమెకు అడ్డం ఏమీ ఉండదు. అకౌంటెంట్‌కు కావలసిన కాగితం కూడా అదే.

గ్రీమ్స్‌పేట అమ్మ

రికార్డింగ్ అన్న మాట తీసేస్తే మేలు అనిపిస్తుంది తమ్ముడూ. ఆడమనిషి, పెద్ద హోదాలో ఉంది. ఆమెను కాగితం మీద పట్టుకున్నట్టు ఉంటుంది.

న్యాయవాది, చిత్తూరు బార్

నేనైతే ఉంచుతాను. "మీ అనుమతితో" అన్న రెండు ముక్కలు రికార్డింగ్‌కు చాటు లేకుండా చేస్తాయి. ఈ లెటర్‌కు వాళ్ళు అభ్యంతరం చెప్పకపోతే అనుమతి ఇచ్చిన సంగతీ కాగితం మీదకు వచ్చినట్టే.

స్కూల్ అకౌంట్స్‌లో పనిచేశాను

నేను అమ్మ వైపు. "నా నోట్స్ ప్రకారం" అని రాసినా పని జరుగుతుంది. ఆమె కాదంటే అప్పుడు రికార్డింగ్ మాట ఎత్తవచ్చు. మేడమ్ స్వభావం నాన్నగారికే తెలుసు, ఆయనే తేల్చుకోవాలి.

బైరాగిపట్టెడ నాన్న

మేడమ్ ఆ రోజు మనసుపెట్టి విన్నారు, మా పాపను పిలిచి తలనిమిరారు కూడా. అందుకని "ఆ రోజు రాసుకున్న వివరాల ప్రకారం" అని మార్చాను. మిగతాది ఉన్నదున్నట్టు. మా ఆవిడా నేనూ ఇద్దరం సంతకం పెట్టి ఈరోజు ఇచ్చాను. ఆఫీసులో ముద్ర వేసి తేదీ రాశారు. లెటర్ ఇంగ్లిష్‌లో ఉండాలేమో అని భయపడ్డాను, ఎవరూ అడగలేదు.

రేణిగుంట రోడ్డు

ఏమైందన్నా? మా తమ్ముడి కొడుకు విషయం కూడా ఇట్లాంటిదే, చూసి చేద్దామని ఆగాను.

బైరాగిపట్టెడ నాన్న

శుక్రవారం సాయంత్రం స్కూలు మెయిల్ నుంచి జవాబు వచ్చింది. ఈ సంవత్సరానికి ట్యూషన్ ఫీజులో 12,000 రాయితీ ఖరారు చేశారు, 500 ఫైన్ రద్దు చేశారు. వచ్చే సంవత్సరం సంగతి "అప్పటి పరిస్థితిని బట్టి మేనేజ్‌మెంట్ నిర్ణయిస్తుంది" అని రాశారు, ఎప్పుడు అడగాలో రాయలేదు.

శనివారం కౌంటర్‌లో ఫీజు కార్డు ఇచ్చారు. దాంట్లో రెండో టర్ము 12,000, మూడో టర్ము 12,000 అని ఉంది. అంటే అకౌంట్స్ సార్ ముందే ఇక్కడ చెప్పినట్టే 8,000 మాత్రమే తగ్గింది. మెయిల్ చూపిస్తే అకౌంటెంట్ "మిగతా 4,000 మూడో టర్ములో సర్దుతాం" అని కార్డు మీద పెన్నుతో రాసిచ్చాడు. రెండో టర్ము 12,000 కట్టి రసీదు తీసుకోవచ్చా?

స్కూల్ అకౌంట్స్‌లో పనిచేశాను

కట్టండి, గడువు షరతు మీరే ఒప్పుకున్నారు. మొత్తం 28,000 అవుతుంది, మూడో టర్ములో 8,000 మిగలాలి. కానీ పెన్నుతో రాసినదాని కింద అతని సంతకం, తేదీ, స్కూలు ముద్ర ఉన్నాయా? లేకపోతే కట్టే రోజే వేయించుకోండి. జనవరికి ఆ సీట్‌లో అతనే ఉంటాడన్న గ్యారంటీ లేదు. కట్టిన సాయంత్రమే ఆ మెయిల్‌కు రిప్లై కొట్టండి: "రెండో టర్ము 12,000 చెల్లించాను, రసీదు జతచేశాను, కార్డులో నమోదు చేసిన ప్రకారం మూడో టర్ముకు చెల్లించవలసినది 8,000." రెండు వాక్యాలు చాలు.

వచ్చే ఏడాదికి వాళ్ళు నెల చెప్పకపోయినా మార్చిలో దరఖాస్తు ఇవ్వండి. మేము చేసినప్పుడు కొత్త ఏడాది ఫీజు పట్టిక ఏప్రిల్లో ఎక్కించేవాళ్ళం, పాత కన్సెషన్లన్నీ అప్పుడు సున్నా అయిపోయేవి. మీ స్కూల్లో ఏ నెలో కౌంటర్‌లో అడిగితే చెప్తారు.

గ్రీమ్స్‌పేట అమ్మ

ఆ మెయిల్ ప్రింటు తీసి ఇంట్లో కూడా ఒకటి పెట్టుకో తమ్ముడూ.

రేణిగుంట రోడ్డు

మా వాడి కేసులో రికార్డింగ్ లేదు, మీటింగ్ అయి నెల దాటింది. ఇప్పుడు ఇట్లాంటి లెటర్ ఇస్తే పనిచేస్తుందా?

న్యాయవాది, చిత్తూరు బార్

ఇవ్వవచ్చు. తేదీ, గదిలో ఎవరెవరు ఉన్నారో రాయండి, కచ్చితంగా గుర్తున్న మాటలే పెట్టండి. నెల దాటింది కాబట్టి "మాట ఇచ్చారు" అనడం కంటే "నాకు అర్థమైనది ఇది, సరేనా" అని అడగడమే నయం. ఆ నెలలో ఫీజు ఏమైనా కట్టారా? కడితే ఎంత తీసుకున్నారో రసీదు చూసి చెప్పండి, తగ్గించిన ఫీజే తీసుకుని ఉంటే సగం పని అయినట్టే.